డబ్బా కంటే ముందు జాబితా చూడండి

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లుగా ఢిల్లీలో, ద్వారకలో ఉంటున్నాం. పాప నర్సరీకి తొమ్మిది ప్రైవేటు స్కూళ్లలో అప్లై చేశాం. ఒక స్కూలు ప్రిన్సిపాల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి దూరం లాంటివి చూసి స్కూలు వేసే పాయింట్లలో మా పాపతో సమానంగా 70 వచ్చినవాళ్లు 64 మంది ఉన్నారట, మిగిలిన సీట్లు 22 అట. శనివారం పదిన్నరకి ఆడిటోరియంలో డ్రా, తల్లిదండ్రుల్లో ఒకరే రావాలి, రిజిస్ట్రేషన్ స్లిప్పు, గుర్తింపు కార్డు తేవాలి అని రాశారు. ఆ రోజు ఆయన ఊళ్లో ఉండరు. నాకు హిందీ అంతంతమాత్రం. వెళ్లకపోతే సీటు పోతుందా? వెళ్తే ఏం చూడాలి? అంతా ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుందని పక్క ఫ్లాట్ వాళ్లు అంటున్నారు. రెండు లక్షలిస్తే సీటు ఖాయం చేస్తానని ఒకాయన ఫోన్ కూడా చేశాడు. అత్తయ్యగారేమో పాపను తీసుకెళ్లి దాని చేత్తోనే చీటీ తీయించమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయొద్దు, ద్వారక

జవాబు: అమ్మా, ముందుగా మీ నిద్ర సంగతి. మీరు వెళ్లకపోయినా సీటు పోదు. డబ్బాలో ఉండేది పాప చీటీ. అది మీరు వచ్చారా లేదా అని చూడదు. ఎంపికైనవాళ్ల జాబితా, వెయిటింగ్ లిస్టు స్కూలు నోటీసు బోర్డు మీద, వెబ్‌సైటులో పెట్టి తీరాలి. అయినా వెళ్లండి. హిందీ రాకపోయినా ఫర్వాలేదు, అక్కడ చెవుల కంటే కళ్లతోనే ఎక్కువ పని.

నేను ఢిల్లీలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. ఏటా జనవరి వచ్చిందంటే మా టేబుళ్ల నిండా నర్సరీ ఫారాలే. డ్రా అంటే తల్లిదండ్రులందరూ ఆ డబ్బా వైపే చూస్తూ కూర్చుంటారు. నన్నడిగితే డబ్బా దగ్గర మోసం చెయ్యడం కష్టం, అంతమంది చూస్తుంటారు, పైగా కెమెరా తిరుగుతూ ఉంటుంది. తేడా వస్తే అంతకు ముందే వస్తుంది. డబ్బాలోకి ఎవరి పేర్లు వెళ్లాయి, ఎన్ని సీట్లకు డ్రా తీస్తున్నారు అన్న దగ్గర. అందుకే శనివారం కంటే ముందు, ఈ రెండు మూడు రోజుల్లో చెయ్యాల్సిన పని ఒకటుంది.

ఉత్తరంలో ఉన్న 22 అనే అంకె ఎక్కడ నుంచి వచ్చిందో చూసుకోండి. ఆ స్కూల్లో నర్సరీకి మొత్తం 120 సీట్లున్నాయని అనుకుందాం. అందులో పావు వంతు, అంటే 30, ఆర్థికంగా వెనకబడినవాళ్లకీ, వెనకబడిన వర్గాలకీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకీ పక్కన పెట్టాలి. వాటికి లాటరీ స్కూలు తీయదు, ఢిల్లీ ప్రభుత్వ విద్యా డైరెక్టరేటే కంప్యూటర్ మీద విడిగా తీస్తుంది. మీ శనివారం డ్రాకీ దానికీ సంబంధం లేదు. మిగిలిన 90లో మేనేజ్‌మెంట్ కోటా కింద 18, సిబ్బంది పిల్లలకి 4 పోయాయనుకుందాం. 68 మిగిలాయి. 70 కంటే ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు 46 మంది ఉంటే, వాళ్లకి డ్రా అక్కర్లేదు, నేరుగా సీటు. 68లో 46 తీసేస్తే 22. మీ స్కూలు లెక్కలో అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ ఈ తీసివేత ఇలాగే కుదరాలి.

ఇది మీరు ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. మొత్తం సీట్లెన్ని, ఏ అంశానికి ఎన్ని పాయింట్లు, దరఖాస్తు చేసిన ప్రతి బిడ్డకీ ఎన్ని వచ్చాయి అన్నది స్కూలు వెబ్‌సైటులో పెట్టాలని డైరెక్టరేట్ ఏటా ఇచ్చే ఆదేశాల్లోనే ఉంటుంది. మీ స్కూలు పేజీ తెరిచి, 70 పైన ఉన్నవాళ్లని లెక్కపెట్టండి. సరిగ్గా 70 ఉన్నవాళ్లని కూడా లెక్కపెట్టండి, 64 వస్తారా అని. ఇంకొకటి. ప్రవేశ తరగతిలో సీట్ల సంఖ్య గత మూడేళ్లలో ఎక్కువగా ఉన్న సంఖ్య కంటే తగ్గకూడదన్నది నిబంధన. పోయినేడు 120 ఉండి ఈ ఏడు 100 చూపిస్తే, మీ 22లోంచి ఎవరో కొన్ని సీట్లు మింగేసినట్టే. దీన్ని డ్రా రోజు ఆడిటోరియంలో లేచి అడిగితే వినేవాళ్లుండరు. ముందురోజే ప్రిన్సిపాల్‌కి నాలుగు లైన్లు రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

మీ పాయింట్లు కూడా ఒకసారి చూసుకోండి. దూరానికిచ్చే పాయింట్ల దగ్గరే తప్పులు ఎక్కువ. కిలోమీటరు లోపు అని మీరు రాసినా ఆఫీసులో వాళ్లు పక్క సెక్టారు అనుకుని తక్కువ వేసిన సందర్భాలు నేను చూశాను, నా చేత్తోనే ఒకసారి వేశాను కూడా. మీరు అద్దె ఇంట్లో ఉంటే అడ్రసుకి ఏ కాగితం పెట్టారో గుర్తు చేసుకోండి. తల్లి లేదా తండ్రి పేరు మీద ఉన్న ఓటరు కార్డు, ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పాస్‌పోర్టు లాంటివి చెల్లుతాయి. అద్దె ఒప్పందం ఒక్కటే పెట్టి ఊరుకుంటే మాత్రం స్కూలు ఒప్పుకోకపోవచ్చు. డ్రాలో పేరు వచ్చాక ఒరిజినల్స్ పరిశీలించేటప్పుడు ఆధార్‌లో గుంటూరు అడ్రసు బయటపడితే, వచ్చిన సీటు కాస్తా చేజారిపోతుంది. ఇప్పుడే చూసుకోండి.

ఈ పాయింట్ల గోల గురించి ఒక మాట. ఒకప్పుడు కొన్ని స్కూళ్లలో అమ్మానాన్నలు శాకాహారులైతే పాయింట్లు, సిగరెట్ తాగకపోతే పాయింట్లు ఉండేవి. 2016 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం ఇలాంటివి 62 రద్దు చేసింది. దాంతో పాటే మేనేజ్‌మెంట్ కోటా కూడా రద్దు చేసింది గానీ, ఆ కోటా విషయంలో స్కూళ్లు హైకోర్టుకి వెళ్లి ఫిబ్రవరిలో స్టే తెచ్చుకున్నాయి. అందుకే పై లెక్కలో ఆ 18 వేశాను.

ఇక శనివారం సంగతి. పదిన్నర అన్నారు కాబట్టి పది కల్లా వెళ్లి ముందు వరసలో కూర్చోండి. వెనక నుంచి చీటీలు కనబడవు. చీటీలతో తీస్తారా, కంప్యూటర్ మీద తీస్తారా అన్నది ఉత్తరంలో లేకపోతే ముందే ఫోన్ చేసి అడగండి. రెండూ చెల్లుతాయి.

చీటీలైతే, డబ్బాలో వేసే ముందు తల్లిదండ్రులకి వాటిని చూపించాలి. ఇది మర్యాద కోసం చేసేది కాదు, డైరెక్టరేట్ ఆదేశంలో రాసి ఉన్న మాట. డ్రాని వీడియో తీయాలి, ఆ వీడియోని స్కూలు దాచి ఉంచాలి అన్నది కూడా అందులోనే ఉంది. కాబట్టి మీ చీటీ చూడనివ్వమని అడగడానికి మొహమాటపడొద్దు. పాప పేరు కంటే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఆద్య అన్న పేరుతోనే ఇద్దరు ముగ్గురుంటారు, నంబరు మాత్రం ఒక్కరికే. మన ఇంటిపేర్లని వాళ్లు రాసే తీరు కూడా తెలిసిందే కదా.

తర్వాత చీటీలు లెక్కపెట్టమనండి, పైకి. ఎందుకంటున్నానంటే, మా స్కూల్లో ఒక ఏడు ఏం జరిగిందో చెప్తాను. ముందురోజు సాయంత్రం ముగ్గురం కూర్చుని చీటీలు కత్తిరించి, ఒక్కోటి నాలుగు మడతలు పెట్టి స్టీలు పళ్లెంలో వేశాం. పొద్దున్న వేదిక మీద చూపిస్తూ డబ్బాలో వేస్తున్నారు. మూడో వరసలో స్వెటర్ మీద శాలువా కప్పుకున్న ఒక తండ్రి, నోటుపుస్తకంలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు. అన్నీ వేశాక లేచి, నెమ్మదిగా, "మేడమ్, జాబితాలో యాభై ఒకటి ఉన్నాయి, మీరు యాభై వేశారు" అన్నాడు. ప్రిన్సిపాల్ మొహం మాడిపోయింది. డబ్బా బోర్లించి అన్నీ మళ్లీ లెక్కపెట్టాం. యాభయ్యే. చివరికి చూస్తే ఒక చీటీ మడతలోకి ఇంకోటి దూరిపోయి ఉంది. వేలితో విడదీస్తే బయటికొచ్చింది. ఎవరూ మోసం చెయ్యలేదు, కాని అతను లెక్కపెట్టకపోయి ఉంటే ఒక పిల్లకి అవకాశమే ఉండేది కాదు, ఆ సంగతి ఎవరికీ తెలిసేది కూడా కాదు. మరుసటి ఏడు నుంచి మేం ఒకే మడత పెట్టి, చీటీలు పొడుగ్గా కత్తిరించాం.

అందుకని మీరు చూడాల్సింది ఇదే. చీటీలన్నీ ఒకే కాగితం, ఒకే మడతా? డబ్బా పారదర్శకంగా ఉందా, ప్రతి పదీ పదిహేను చీటీలకోసారి కలుపుతున్నారా? తీసిన చీటీని విప్పి చూపించి, నంబరు చదివి, బోర్డు మీద రాస్తున్నారా, లేక చదివి పక్కన పెట్టేస్తున్నారా? రెండు చీటీలు కలిసి వస్తే ఏం చేస్తారన్నది మొదలుపెట్టక ముందే చెప్పాలి. మా దగ్గర రెండూ వెనక్కి వేసి మళ్లీ తీసేవాళ్లం.

కవలల సంగతి కూడా ముందే అడగండి. మీ పాపకి కవల లేకపోయినా ఇది మీ లెక్కకే తగులుతుంది. కొన్ని స్కూళ్లు ఇద్దరికీ కలిపి ఒకే చీటీ వేస్తాయి, అది వస్తే రెండు సీట్లు పోతాయి. కొన్ని ఇద్దరికీ చెరో చీటీ వేసి, ఒకటి వస్తే రెండోవారినీ తీసుకుంటాయి. అప్పుడు వాళ్ల అవకాశం మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువ. ఏది చేసినా సరే, డ్రాకి ముందు అందరికీ చెప్పి చెయ్యాలి. ఇరవై రెండో చీటీ దగ్గర కవలల పేరు వచ్చాక నిర్ణయం తీసుకోవడం మొదలుపెడితే గొడవే.

కంప్యూటర్ అయితే చూడాల్సింది వేరు. 64 పేర్ల జాబితా ముందు తెర మీద మొత్తం చూపించాలి, మీ నంబరు అందులో కనబడాలి. తర్వాత బటన్ ఒక్కసారే నొక్కాలి. "ఇది ట్రయల్, అసలుది తర్వాత" అని అసలు పేర్లతోనే రెండు మూడు సార్లు తిప్పుతుంటే ఒప్పుకోవద్దు. నచ్చిన ఫలితం వచ్చేదాకా తిప్పినా మనకు తెలీదు. ట్రయల్ కావాలంటే ఉత్త అంకెలతో చేసుకోమనండి. ఫలితం రాగానే అక్కడే ప్రింటు తీసి సంతకాలు పెట్టించాలి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: 22 తీసి ఆపేస్తారా, 64 దాకా తీస్తారా? చివరిదాకా తీస్తే మేలు. అప్పుడు వెయిటింగ్ వరసంతా ఆ రోజే అందరి ముందూ తేలిపోతుంది. ఇరవై మూడోది వెయిటింగ్ ఒకటి, ఇరవై నాలుగోది రెండు, అలా. 22 దగ్గర ఆపేసి మిగతాది ఆఫీసులో చూసుకుంటామంటే, తర్వాత ఆ వరస ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. చివరిదాకా తీయకపోతే రెండో డ్రా ఎప్పుడు, మళ్లీ పిలుస్తారా అని అడిగి తేదీ రాసుకోండి.

ఇప్పుడు మీ అవకాశం ఎంత? 64లో 22, అంటే నూటికి ముప్పై నాలుగు. మూడోవంతు అనుకోండి. వెయిటింగ్‌ని కూడా కలుపుకుంటే ఇంకాస్త మెరుగు. మీరు తొమ్మిది స్కూళ్లకి పెట్టినట్టే అందరూ పెట్టారు. డ్రాలో పేరొచ్చిన ఆ 22 మందిలో కొందరికి ఇంకా ఇష్టమైన స్కూల్లో కూడా వచ్చి ఉంటుంది, వాళ్లు ఇక్కడ ఫీజు కట్టరు. ఎనిమిది మంది అలా వదిలేశారనుకోండి, 30వ చీటీ దాకా సీటు వెళ్తుంది. అప్పుడు మీ అవకాశం నూటికి 47. కాబట్టి వెయిటింగ్ ఐదో ఆరో వస్తే ఏడ్చి ఇంటికొచ్చెయ్యకండి. నలభై వస్తే మాత్రం ఈ స్కూలు మీద ఆశ పెట్టుకోవద్దు. 2025-26 అడ్మిషన్లకి మొదటి జాబితా జనవరి 17న, రెండోది ఫిబ్రవరి 3న వేశారు, అంటే రెండున్నర వారాల తేడా. ఈ మధ్యలోనే ఫీజు గడువు ముగిసి సీట్లు కదులుతాయి. ఆ రోజుల్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి, తెలియని నంబరైనా ఎత్తండి. మీకు ఫోన్ చేశాం, ఎత్తలేదు అని తర్వాతివాళ్లకి వెళ్లిపోయిన సీట్లు నాకు తెలుసు.

ఇంకో స్కూల్లో కూడా ఇలాగే మూడోవంతు అవకాశంతో డ్రాలో ఉన్నారనుకుందాం. రెండింట్లో కనీసం ఒకటైనా వచ్చే అవకాశం సగం దాటుతుంది, తొమ్మిదింట ఐదు. మూడు డ్రాలు అయితే నూటికి 70. అందుకే నేనెప్పుడూ ఒక స్కూలు డ్రా గురించి కాకుండా, మొత్తం ఎన్ని డ్రాల్లో పేరుందన్నది చూసుకోమంటాను. మీ తొమ్మిదిలో ఎన్నిట్లో పాప పాయింట్లు కటాఫ్ దగ్గర ఉన్నాయో ఈ రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి. రెండు డ్రాలు ఒకే రోజు పడితే, జాబితా లెక్క ఇందాక కుదరని స్కూలుకి మీరు వెళ్లండి. రెండోదానికి ఎవరూ వెళ్లకపోయినా నష్టం లేదు.

రెండు లక్షలాయన గురించి ఇప్పుడు చెప్తే మీకు వెంటనే అర్థమవుతుంది. ఆయన మీ ఒక్కరికే ఫోన్ చేశాడనుకుంటున్నారా? ఆ 64 మందిలో తొమ్మిది మంది దగ్గర రెండేసి లక్షలు తీసుకున్నాడనుకోండి. ఆయన వేలు కూడా కదపకపోయినా మూడోవంతు లెక్కన ముగ్గురికి డ్రాలో పేరొస్తుంది. వాళ్లకి "చూశారా, మాట నిలబెట్టుకున్నాను" అంటాడు. మిగతా ఆరుగురికి డబ్బు తిరిగిచ్చేస్తాడు, చాలా నిజాయితీపరుడని పేరు కూడా వస్తుంది. ఆరు లక్షలు ఆయన జేబులో. "సీటు రాకపోతే డబ్బు వాపస్" అన్నాడా? అనే ఉంటాడు, ఆ మాట మీదే ఈ వ్యాపారం అంతా నడుస్తుంది.

నిజంగా స్కూలే డొనేషన్ అడిగితే అది వేరే నేరం. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అలా తీసుకున్న మొత్తానికి పది రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. పిల్లనో తల్లిదండ్రులనో ఇంటర్వ్యూ చేసి వడపోసినా అదే సెక్షన్‌లో జరిమానా ఉంది, మొదటిసారి పాతికవేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ యాభైవేల దాకా. ప్రాస్పెక్టస్ కొనితీరాలని కూడా బలవంతపెట్టకూడదు, రిజిస్ట్రేషన్‌కి తీసుకోవాల్సింది పాతిక రూపాయలే. అన్యాయం జరిగిందని గట్టిగా అనిపిస్తే జిల్లా విద్యా డిప్యూటీ డైరెక్టర్ దగ్గర దీనికోసం పర్యవేక్షణ సెల్ ఉంటుంది. అక్కడ "ఫిక్సింగ్ జరిగింది" అని రాస్తే కదలదు. "జాబితాలో 64, డబ్బాలో 63, వీడియోలో చూడండి" అని రాస్తే కదులుతుంది. అందుకే నోటుపుస్తకం తీసుకెళ్లమంటున్నాను. ఫోన్ ఆఫ్ చెయ్యమంటే చేసెయ్యండి, ఆ ఒక్కదాని మీద గొడవ పెట్టుకోకండి. బోర్డు మీద రాసిన చివరి జాబితాని మాత్రం ఫొటో తీసుకోవచ్చా అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

పేరొస్తే కట్టాల్సిన ఫీజెంత, గడువెప్పుడు, ఇక్కడ కట్టాక వేరేచోట వస్తే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద తీసుకుని ఇంటికి రండి. గడువు నాలుగైదు రోజులే ఉండొచ్చు, కాబట్టి మీవారు ఊరు వెళ్లేలోపే డబ్బు ఏ అకౌంట్‌లో ఉందో చెప్పి వెళ్లమనండి.

మిగిలింది అత్తయ్యగారి మాట. పాపను తీసుకెళ్లొద్దు. ఒకరే రావాలన్నారు కాబట్టి గేటు దగ్గరే ఆపేస్తారు. ఆపకపోయినా జనవరి చలిలో, హీటర్ లేని హాల్లో రెండు మూడు గంటలు మూడేళ్ల పిల్ల కూర్చోదు. పైగా ఎవరి బిడ్డ చీటీ వాళ్ల చేత తీయిస్తే మిగతా అరవై ముగ్గురు ఊరుకోరు. చీటీలు తీయడానికి మేమైతే పైతరగతి పిల్లనో, ముందు వరసలో కూర్చున్న ఒక తల్లినో పిలిచేవాళ్లం. మీరు ముందు వరసలో ఉంటారుగా, మిమ్మల్నే పిలిచినా పిలుస్తారు. అప్పుడు స్వెటర్ చేతులు పైకి మడుచుకుని, తల పక్కకి తిప్పి తీయండి. అత్తయ్యగారికి మాత్రం పదిన్నరకి దేవుడి దగ్గర దీపం పెట్టమని చెప్పి వెళ్లండి.